ఫొటోలో ఉన్నది బల్లా, తొండా, నలికిరా, ఉడుము పిల్లా?

జూన్ నెలాఖర్లో, మొదటి వానలు పడ్డ రెండు రోజులకి, బండ్లగూడ జాగీర్‌లో ఉండే మా అక్క కూతురు నాకు మూడు ఫొటోలు పంపింది. వెనక గోడకి ప్లాస్టరింగ్ చెయ్యలేదు, ఇటుకలు కనిపిస్తున్నాయి. వాటి మీద నల్లటి అడ్డపట్టీలు, పసుపు చుక్కలు ఉన్న ఒక జీవి అతుక్కుని ఉంది. "మామయ్యా, పక్కింటి ఆంటీ ఇది విషపు బల్లి అంటున్నారు, కరిస్తే నీళ్ళు అడిగే టైం కూడా ఉండదట, వాచ్‌మన్ కర్ర పట్టుకుని నిలబడ్డాడు, త్వరగా చెప్పు" అంది. నేను ముందు కర్ర కింద పెట్టించమన్నాను. మన దేశంలో కాటుతో మనిషి ప్రాణం తీసే విషపు బల్లి ఏదీ లేదు. బల్లి, తొండ, నలికిరి, ఉడుము, వీటిలో ఏదీ అలాంటిది కాదు. పెద్ద ఉడుము గట్టిగా కరుస్తుంది, గోళ్ళతో గీరుతుంది, ఆ గాయానికి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, అంతవరకే.

ఇక ఫొటో సంగతి. ఇలాంటి ఫొటో రాగానే అందరూ ముందు రంగు చూస్తారు, నా లెక్కలో రంగు చివర చూడాలి. తొండ ఎండలో ఒక రంగు, నీడలో ఒక రంగు, జత కట్టే కాలంలో మగదైతే తలా గొంతూ ఎర్రగా మారిపోతాయి. గోడ మీది బల్లి పగలు ముదురుగా, రాత్రి ట్యూబ్‌లైటు దగ్గర పాలిపోయి ఉంటుంది, దానికి ఫోన్ ఫ్లాష్ తోడైతే తెల్ల కాగితమే. అందుకే నేను ముందు సైజు తెలిసే వస్తువు ఏదైనా ఉందా అని వెతుకుతాను. ఇక్కడ ఇటుక ఉంది, దాని పొడవు 9 అంగుళాలు. ఆ జీవి ముక్కు నుంచి తోక చివరి వరకు ఇటుక కన్నా కాస్త ఎక్కువే ఉంది, అంటే 10 అంగుళాలు అనుకుందాం. ఇంటి బల్లి సాధారణంగా తోకతో కలిపి 5, 6 అంగుళాల దగ్గర ఆగిపోతుంది కాబట్టి అది పక్కకి పోయింది. కానీ పెద్ద తొండ తోకతో 10 అంగుళాలు దాటుతుంది, బాగా ఎదిగిన నలికిరి కూడా ఆ పొడవుకి వస్తుంది. కాబట్టి సైజుతో సగం పనే అయింది.

రెండో మెట్టు చర్మం. నలికిరిని (కొందరు నలికండ్ల పాము అంటారు, ఆ పేరులో పాము ఉండటం వల్లే పాపం ఎన్ని చచ్చిపోతున్నాయో) ఫొటోలో పట్టించేది దాని మెరుపు. పొలుసులు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సర్దుకుని నూనె రాసినట్టు మెరుస్తాయి, మెడ ఎక్కడ మొదలైందో తెలియదు, కాళ్ళు ఒంటికి చాలని పొట్టి కాళ్ళు. తొండ ఒళ్ళు గరుగ్గా ఉంటుంది, ఒక్కో పొలుసు మధ్యలో గీతలాంటి గట్టు ఉంటుంది, ఒంటి పక్కల పొలుసుల మొనలు వెనక్కీ పైకీ తిరిగి ఉంటాయి, మెడ మీద నుంచి వీపు వరకు ముళ్ళ వరస. మా మేనకోడలి ఫొటోలో ముళ్ళూ లేవు, మెరుపూ లేదు. సన్న పూసలు అతికించినట్టు ఉన్న చర్మం, వదులుగా, మెడ దగ్గర మడతలు పడి ఉంది. ఆ మెడ కూడా పొడుగ్గా, తలకీ ఒంటికీ మధ్య విడిగా కనిపిస్తోంది. తోక మొదట్లో లావుగా ఉండి, పక్కల నుంచి నొక్కినట్టు ఉంది, తొండ తోకలా సన్నటి తాడు కాదు.

అప్పటికే నాకు ఉడుము పిల్ల అని అనుమానం వచ్చింది, అయినా ఒక్క ఆధారంతో తేల్చెయ్యకూడదు కాబట్టి రెండో ఫొటోలో ముక్కు జూమ్ చేశాను. మన ఉడుముని గుర్తుపట్టడానికి నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఇదే. మిగతా మూడింటికీ ముక్కు రంధ్రం మూతి కొసన చిన్న చుక్కలా ఉంటుంది. ఉడుముకి అది ఏటవాలు చీలికలా, మూతికీ కంటికీ మధ్యలో, కాస్త కంటి వైపుకే జరిగి ఉంటుంది. పక్క నుంచి తీసిన ఫొటో కాబట్టి స్పష్టంగా కనిపించింది, పై నుంచి తీసి ఉంటే అది దొరికేది కాదు. మూడో ఫొటోలో నాలుక కూడా పడింది, సన్నగా, పొడుగ్గా, చివర పాములా రెండుగా చీలి. నలికిరి కూడా నాలుక చాపుతుంది కానీ అది పొట్టి, కొసన చిన్న నొక్కు మాత్రమే. ఆ నాలుక చూసే కదా జనం పాము అనుకుని భయపడేది! ఉడుము దాంతో వాసన పట్టుకుంటుంది.

ఆ పసుపు చుక్కలు, అడ్డపట్టీలు పిల్లతనంలో ఉండేవి. పెరిగే కొద్దీ వెలిసిపోయి పెద్ద ఉడుము మట్టి రంగుకి వస్తుంది. పెద్దదాన్ని ఉడుము అని గుర్తుపట్టేవాళ్ళు కూడా పిల్లని చూసి వేరే జంతువు అనుకోవడానికి కారణం ఇదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూల్‌లో ఉంది, దాన్ని పట్టుకోవడం, చంపడం, నూనె తీసి అమ్మడం అన్నీ నేరాలే. గేటు తెరిచి పిల్లల్నీ కుక్కనీ లోపలికి తీసుకెళ్ళమన్నాను. ఇరవై నిమిషాల్లో అది గోడ దిగి పక్క ఖాళీ ప్లాటులో పొదల్లోకి వెళ్ళిపోయిందట.

బల్లి విషయంలో అయితే నేను కన్ను చూస్తాను. దానికి కదిలే రెప్పలు లేవు, కంటి మీద గాజులాంటి పొర ఉంటుంది, దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది. వెలుతురులో కంటిపాప నిలువు గీతలా సన్నబడుతుంది. తొండకీ నలికిరికీ ఉడుముకీ రెప్పలు మూసుకుంటాయి. కిటికీ అద్దం మీద బల్లి ఉంటే అవతలి వైపు నుంచి ఫొటో తీసి చూడండి, వేళ్ళ కింద రెండు వరసల్లో సన్నటి పట్టీలు, ఆ పట్టీల పైనుంచి పొడుచుకొచ్చిన గోళ్ళు కనిపిస్తాయి. అయితే బల్లుల్లో కూడా చాలా రకాలున్నాయి, హైదరాబాద్ ఇళ్ళల్లోనే ఒకటి కన్నా ఎక్కువ. వీపు వైపు నుంచి తీసిన ఒక్క ఫొటోతో "ఇది ఫలానా రకం" అని చెప్పేవాళ్ళని నేను నమ్మను, అందుకు గడ్డం కింద పొలుసులు, తొడల లోపలి వైపు ఉండే రంధ్రాలు చూడాల్సి వస్తుంది. తోక కూడా మోసం చేస్తుంది. బల్లీ నలికిరీ తోక వదిలేస్తే మళ్ళీ మొలిచేది పొట్టిగా, మచ్చల్లేకుండా వేరేలా ఉంటుంది.

పది రోజులకి మేనకోడలు ఇంకో ఫొటో పెట్టింది. మందార కొమ్మ మీద చిన్న జీవి, వీపుకి రెండు పక్కలా లేత రంగు నిలువు చారలు. "ఇది నాకు తెలుసు మామయ్యా, చారలున్నాయి కాబట్టి నలికిరి." నలికిరికి ఒంటి పక్కన లేత చార ఉండే మాట నిజమే, కానీ చాలా ఆడ తొండలకీ పిల్ల తొండలకీ కూడా ఇలాంటి చారలే ఉంటాయి. చారల్ని వదిలేసి చెవి పైన ఏముందో, వెనక కాలు ఎంత పొడవుందో చూసి చెప్పమన్నాను. కాసేపటికి జూమ్ చేసిన ముక్క పంపింది. చెవి పొర పైన విడివిడిగా రెండు చిన్న ముళ్ళు, వెనక కాలు ముందుకి చాపితే చెవిదాకా వచ్చేంత పొడవు. కింద ఒక్క మాట రాసింది: "తొండ."