తూము మూసినవాడు ఏమీ అడగలేదు

మొన్న ఆదివారం గుంటూరులో బాబాయి ఇంటికి వెళ్లినప్పుడు ఆయనకు ఫోన్లో ఒక చిన్న వీడియో చూపించాను. కంప్యూటర్ స్క్రీన్, దాని మీద కరెంటు లైన్ల పటం, ఒక బాణం గుర్తు. ఆ బాణం తనంతట తానే కదులుతూ, లైన్లలో కరెంటు కలిపే, తీసే బ్రేకర్ల మీదికి వెళ్తోంది. మౌస్ పట్టుకున్నవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా చేసి రిటైరైన బాబాయి కళ్లజోడు సర్దుకుని మళ్లీ పెట్టమన్నారు. చూసి, "ఎల్‌సీ ఎవరు తీసుకున్నార్రా?" అన్నారు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైన్ మీద పని చేయాలంటే ముందు ఆపరేటర్‌ని అడిగి, రిజిస్టర్లో పేరూ టైమూ రాయించుకోవాలి. ఎవరినీ అడగకుండా ఎక్కడి నుంచో ఒకరు బ్రేకర్ తీసేయడం ఆయన ఊహకు అందడం లేదు.

ఆ వీడియో పశ్చిమ ఉక్రెయిన్‌లోని ఒక కరెంటు పంపిణీ సంస్థ ఉద్యోగి 2015 డిసెంబర్ 23న తన ఫోన్లో తీసింది. ఆ మధ్యాహ్నం మూడున్నర దాటాక మూడు పంపిణీ సంస్థల కంట్రోల్ రూముల్లోకి బయటివాళ్లు కంప్యూటర్ల ద్వారా చొరబడి బ్రేకర్లు తెరిచేశారు. సుమారు 2,25,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. చలికాలం సాయంత్రం అది. జనం ఫోన్ చేసి అడగకుండా కాల్ సెంటర్‌కి వేలకొద్దీ దొంగ కాల్స్ పంపారు. కంట్రోల్ రూములకే కరెంటు పోయేలా అక్కడి యూపీఎస్‌ను కూడా ఆపించారు. పోతూ పోతూ కంప్యూటర్లలో ఉన్నది తుడిచేశారు.

"మరి మళ్లీ ఎలా వేశారు?" అన్నారు బాబాయి. మీరైతే ఏం చేస్తారో అదే చేశారు అన్నాను. సిబ్బంది బండెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు వేశారు. కరెంటు పోయిన ఆరు గంటల్లోపే అందరికీ తిరిగి వచ్చింది.

నేను విజయవాడలో లా విద్యార్థులకు అంతర్జాతీయ చట్టం చెబుతాను. ఏటా ఈ సంఘటన దగ్గరే పాఠం ఆగుతుంది. ఒక దేశం మరో దేశంలో ఇలా కరెంటు తీసేస్తే అది ఏ నియమాన్ని మీరినట్టు? ప్రశ్న వినగానే అందరూ ఠక్కున "జోక్యం" అంటారు. ఇతర దేశాల వ్యవహారాల్లో జోక్యం చేసుకోకూడదన్న నియమం నిజంగానే ఉంది. కానీ ఆ మాటకు చట్టంలో ఉన్న అర్థం మనం మామూలుగా అనుకునేదాని కంటే బాగా ఇరుకు.

ఆ అర్థాన్ని స్పష్టంగా చెప్పింది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం. నికరాగ్వా అమెరికా మీద వేసిన కేసులో 1986 జూన్ 27న తీర్పు వచ్చింది. నిషిద్ధమైన జోక్యం అనాలంటే రెండు సంగతులు ఉండాలంది. ఒకటి, ఆ విషయం ఆ దేశం తన ఇష్టప్రకారం తేల్చుకోదగినదై ఉండాలి: తన రాజకీయ వ్యవస్థ, ఆర్థిక విధానం, విదేశాంగ విధానం వంటివి. రెండు, అందులో బలవంతం ఉండాలి. జోక్యానికి సారమే ఆ బలవంతం అని కోర్టు అంది. అదే తీర్పులో, నికరాగ్వా ప్రభుత్వం మీద తిరగబడిన సాయుధ ముఠాలకు అమెరికా శిక్షణ, ఆయుధాలు ఇవ్వడం జోక్యమే అని తేల్చింది. ఆర్థిక సాయం ఆపేయడం, వాణిజ్యం నిలిపేయడం మాత్రం ఈ నియమాన్ని మీరినట్టు కాదంది. అంటే ఎదుటి దేశానికి నష్టం జరిగినంత మాత్రాన సరిపోదు.

ఇక్కడే చిక్కు. బాబాయికి అర్థమయ్యేలా చెప్పడానికి మా ఊరి పొలాల సంగతే తీసుకున్నాను. మాది తెనాలి పక్కన, కాలువ నీళ్ల మీద బతికే ఊరు. పక్క రైతు వచ్చి "నువ్వు మినుము వేస్తేనే నీళ్లు వదులుతా" అన్నాడనుకోండి, అది బలవంతం. ఏ పైరు వేయాలో నా నిర్ణయం, దాన్ని వంచుతున్నాడు. అలా కాకుండా ఒక రాత్రి ఎవడో మా గట్టు దాటి వచ్చి, తూము మూసేసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఏదీ అడగలేదు, బెదిరించలేదు. చేను మాత్రం ఎండింది. అతను నాతో ఏం చేయించాలనుకున్నట్టు?

ఉక్రెయిన్‌లో కరెంటు తీసినవాళ్లు కూడా ఏమీ అడగలేదు. ఫలానా ఒప్పందం మీద సంతకం పెట్టండి అని చీటీ రాయలేదు. బలవంతం అంటే ఎదుటి దేశం చేత ఇష్టంలేని పని చేయించడం అని గట్టిగా పట్టుకుంటే, ఈ దాడి జోక్యం కిందికి రాదనే వాదనకు చోటు ఉంటుంది. దాడి చేయించిందని ఆరోపణ ఉన్న రష్యాకూ ఉక్రెయిన్‌కూ మధ్య 2014 నుంచి సాయుధ ఘర్షణ నడుస్తోంది కాబట్టి యుద్ధ నియమాలు కూడా ఇందులో ఉన్నాయి. వాటిని పక్కన పెడుతున్నాను, ఎందుకంటే అసలు ప్రశ్న శాంతికాలంలో ఏ దేశానికైనా ఎదురవుతుంది.

జోక్యం కాకపోతే ఇంకేం మిగిలింది? గట్టు దాటడం మిగిలింది. నా పొలంలోకి నా అనుమతి లేకుండా రావడమే తప్పు, వచ్చి ఏం అడిగాడన్నది తర్వాతి మాట. దేశాల మధ్య దీన్నే సార్వభౌమత్వ భంగం అంటారు. 2013లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం, అందులో మన దేశమూ ఉంది, సార్వభౌమత్వం కంప్యూటర్ వ్యవహారాలకూ వర్తిస్తుందని ఒప్పుకుంది. వర్తిస్తుందని అందరూ అన్నారు. అయితే సైబర్ విషయంలో అది మీరితే నేరం మోపదగిన నియమమా, లేక ఇతర నియమాలకు పునాదిగా ఉండే సూత్రం మాత్రమేనా? గొడవంతా దీని మీదే.

2018 మే 23న లండన్‌లో బ్రిటన్ అటార్నీ జనరల్ జెరెమీ రైట్ తన ప్రభుత్వం మాటగా చెప్పింది రెండోది. నిషిద్ధ జోక్యానికి మించి, సైబర్ పనులకు సార్వభౌమత్వం నుంచి వేరే నిషేధాన్ని రాబట్టలేమన్నారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్ సరిగ్గా ఎదురు చెప్పింది: తమ వ్యవస్థల్లోకి చొరబడే సైబర్ దాడి సార్వభౌమత్వ భంగం కావచ్చని. నెదర్లాండ్స్, ఫిన్లాండ్, జర్మనీ కూడా సార్వభౌమత్వం నియమమే అన్న పక్షాన నిలిచాయి. 2024లో ఆఫ్రికన్ యూనియన్ ఇంకా ముందుకు వెళ్లింది. అనుమతి లేని ప్రవేశం చాలు, నష్టం ఎంత అన్న కొలత అక్కర్లేదంది.

నియమమే అనుకున్నా, ఎంత జరిగితే భంగం? సైబర్ పనులకు అంతర్జాతీయ చట్టం ఎలా వర్తిస్తుందో చెబుతూ నాటో సైబర్ రక్షణ సహకార కేంద్రం పిలుపు మీద నిపుణులు రాసిన టాలిన్ మాన్యువల్ రెండో కూర్పు, 2017లో వచ్చింది, కొన్ని మెట్లు చూపిస్తుంది. ఏదైనా వస్తువు పగిలితే, కాలితే సందేహం లేదు. పరికరం పని చేయడం మానేసి, రిపేరు చేస్తే గానీ, మార్చితే గానీ తిరిగి రాకపోతే అదీ భంగమే. కాసేపు ఆగి మళ్లీ మామూలైతే మాత్రం నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం లేదు.

ఈ మెట్టు మీద నిలబడి ఉక్రెయిన్ వైపు చూస్తే నాకు బ్రేకర్ల కంటే ఇంకో చిన్న పరికరం ముఖ్యమనిపిస్తుంది. కంట్రోల్ రూమ్ నుంచి వచ్చే ఆదేశాన్ని సబ్‌స్టేషన్‌లోని పాత పరికరాలకు అర్థమయ్యే భాషలోకి మార్చే కన్వర్టర్ పెట్టె ఒకటి ఉంటుంది. దాడి చేసినవాళ్లు వాటి లోపలి ప్రోగ్రామ్ మీద చెత్త రాసి చెడగొట్టారు. అందుకే స్క్రీన్ మీద నుంచి బ్రేకర్లు మళ్లీ వేయడం కుదరలేదు, అందుకే బండెక్కి వెళ్లాల్సి వచ్చింది. బ్రేకర్ తెరుచుకోవడం ఆరు గంటల్లో సర్దుకుంది. చెడిన పెట్టెలు మాత్రం సర్దుకోలేదు, చాలాకాలం సబ్‌స్టేషన్లను చేత్తోనే నడిపారు. చీకట్లో కూర్చున్న లక్షల మంది కంటే గోడకు బిగించిన ఆ పెట్టె చట్టం ముందు గట్టి సాక్ష్యం. వినడానికి బాధగా ఉన్నా వాదన నిలిచేది దాని మీదే.

బాబాయి అడ్డుకున్నారు. "ఏ పేరైతే ఏంట్రా, తప్పు తప్పే కదా?" పేరు మీద చాలా ఆధారపడి ఉంది. ఎదుటి దేశం అంతర్జాతీయ నియమం మీరిందని తేలితే, బాధిత దేశానికి ప్రతిచర్య హక్కు వస్తుంది. మామూలుగా చేయకూడని పనిని, ఆ దేశాన్ని దారికి తేవడానికి, జరిగిన హానికి తగ్గ మేరకు, బలప్రయోగం లేకుండా చేయొచ్చు. వాళ్ల సర్వర్‌ను ఆపేయడం లాంటిది. నియమం మీరలేదంటే ఆ తలుపు మూసుకుంటుంది, దౌత్యవేత్తలను పంపేయడం వంటి ఎప్పుడైనా చేయదగ్గ పనులే మిగులుతాయి. 2022లో తన ప్రభుత్వ వెబ్ సేవల మీద దాడి ఇరాన్ చేయించిందని ఆరోపించిన అల్బేనియా, సెప్టెంబర్‌లో ఆ దేశంతో సంబంధాలు తెంచుకుంది. దానికి ఏ నియమభంగమూ నిరూపించక్కర్లేదు.

ప్రతిచర్యకు ముందు, చేసింది ఎవరో చూపించాలి. ఉక్రెయిన్ దాడికి సంబంధించి 2020 అక్టోబర్‌లో అమెరికా రష్యా సైనిక గూఢచారి విభాగానికి చెందిన ఆరుగురు అధికారుల మీద అభియోగాలు మోపింది. రష్యా కాదంటుంది. నిజంగా సైన్యం అధికారులే అయితే చట్టం తేలికే: సైన్యం చేసినది దేశం చేసినట్టే. కిరాయి ముఠా అయితే వాళ్లను దేశమే నడిపించిందని చూపించాలి, అది చాలా కష్టం.

బ్రిటన్ కూడా ఉన్నచోటే ఉండిపోలేదు. 2022 మే 19న అప్పటి అటార్నీ జనరల్ సుయెల్లా బ్రేవర్‌మన్ సార్వభౌమత్వం గురించిన పాత మాటను అలాగే ఉంచి, బలవంతం అన్న మాటను వెడల్పు చేశారు. ఒక పని చేయించడమే కాదు, దేశం తన చేతిలో ఉండాల్సిన విషయం మీద పట్టు కోల్పోయేలా చేయడం కూడా బలవంతమే అన్నారు. ఇంధన భద్రత, అత్యవసర వైద్యం, ఆర్థిక స్థిరత్వం, ఎన్నికలు వంటి ప్రజాస్వామ్య ప్రక్రియలను ఉదాహరణగా చెప్పారు. తూము నాది, ఎప్పుడు తెరవాలో నా చేతిలో లేకుండా చేశావు, అదే బలవంతం అన్నమాట. ఈ దారిలో వెళ్తే ఉక్రెయిన్ కరెంటు జోక్యం కిందికే వస్తుంది. నాకు ఫ్రాన్స్, జర్మనీల దారే నచ్చుతుంది. ప్రతి కేసులో బలవంతాన్ని సాగదీసి చూపించడం కంటే, చొరబడి పెట్టె చెడగొట్టావు అనడం సూటిగా ఉంటుంది.

అయితే నా దారికీ ఒక లోపం ఉంది, దాన్ని బాబాయే పట్టుకున్నారు. వాళ్లు లోపలికి ఎప్పుడు వచ్చారని అడిగారు. డిసెంబర్‌కు ఆరు నెలలకు పైగా ముందే. ఈమెయిల్‌లో వచ్చిన ఆఫీసు ఫైలు ఒకరు తెరిచారు. వాళ్లు లోపలికి వచ్చి పాస్‌వర్డులు ఏరుకుని, ఏ స్క్రీన్ ఎలా పని చేస్తుందో నేర్చుకుంటూ కూర్చున్నారు. ఆ నెలల్లో ఏ బల్బూ ఆరలేదు, ఏ పెట్టే చెడలేదు. 2019లో మన కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం ఆఫీసు పనుల నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్‌లో మాల్‌వేర్ దొరికిందని, రియాక్టర్ కంట్రోల్ నెట్‌వర్క్ దానికి వేరుగా ఉందని అణు విద్యుత్ సంస్థ చెప్పింది. అలాంటి చొరబాటు ఏదో దేశం చేయించిందని రుజువైందనుకోండి. ఆఫ్రికన్ యూనియన్ లెక్కలో గట్టు దాటిన రోజే తప్పు జరిగిపోయింది. టాలిన్ నిపుణుల్లో ఎక్కువమంది లెక్కలో అది గూఢచర్యం, దాన్ని నేరుగా నిషేధించే అంతర్జాతీయ నియమం లేదు. బ్రిటన్ లెక్కలో అడగడానికే ఏమీ లేదు.

"అంటే వాడు పొలంలో కూర్చుని తూము ఎక్కడుందో చూస్తున్నంతసేపూ ఎవరూ ఏమీ అనరన్నమాట," అన్నారు బాబాయి. చాలా దేశాల జవాబు ఇవాళ్టికి అదే.