పీరీల పండుగ ఏటా ముందుకెందుకు జరుగుతది?

పిల్లలూ,

చిన్నోడు ఫోన్‌లో అడిగిండు కదా, దసరా ఎప్పుడూ బడి సెలవుల్లోనే వస్తది, పీరీల పండుగ మాత్రం ఏటా ముందుకు జరుగుతదేంది తాతా అని. మంచిగనే పట్టిండు. 2023లో అది జూలై 29, 2024లో 17, 2025లో 6.

మన కల్లం గుర్తు చేసుకోండి. చుట్టూ తిరిగితే 365 అడుగులనుకుందాం (అంత పెద్ద కల్లం మనకెక్కడిది, అనుకోండి అంతే). ఒకడు వేపచెట్టు దగ్గర బయలుదేరి 354 అడుగులకే ఆగి కట్టె పాతుతడు. చెట్టుకు 11 అడుగులు తక్కువ. మళ్లా ఆ కట్టె దగ్గర నుంచే ఇంకో 354. ఇట్ల కట్టె చుట్టు చుట్టుకూ వెనక్కి జరిగి, ఎండాకాలం మూల, వానకాలం మూల అన్నీ తిరిగి, ముప్పైమూడేళ్లకు మళ్లా వేపచెట్టు దగ్గరికే వస్తది.

ఆ 354 చంద్రుడి లెక్క. నెలవంక నుంచి నెలవంకకు ఇరవై తొమ్మిదిన్నర రోజులు, అట్ల పన్నెండు నెలలు. మన పంచాంగమూ చంద్రుడినే లెక్కపెడతది, కానీ మూడేళ్లకు లోటు 33 రోజులైతది చూడండి, అప్పుడు ఒక నెల ఎక్కువ కలుపుతది. 2023లో శ్రావణం రెండు సార్లు వచ్చింది, అదే అధికమాసం. అందుకే దసరా వానలు వెనకబట్టినప్పుడే వస్తది. పీరీల పండుగ వచ్చేది ముస్లింల హిజ్రీ లెక్క ప్రకారం. అందులో అట్ల కలపరు, పన్నెండంటే పన్నెండే. మరి 2024లో పదకొండు కాదు, పన్నెండు రోజులు జరిగిందేమంటే, ఆ ఏడు ఫిబ్రవరికి 29 ఉంది. చంద్రుడి ఏడు మాత్రం అప్పుడూ 354 రోజులే.

1976లో నేను దేవరకొండ దగ్గర మా ఊర్లో చిన్నపిల్లగాణ్ణి. ఆ ఏడు పీరీల పండుగ సంక్రాంతి పక్కపక్కనే పడ్డయి. ఒక చేతిలో సకినం, ఇంకో చేతిలో మలీద, చలికి వణుకుతూ అలావు మంట చుట్టూ మేము. పీరీలు లేచినయంటే అమ్మలు పిల్లల్ని వెనక్కి లాగేవాళ్లు, మేమేమో మంట దగ్గర్నుంచి కదిలేవాళ్లం కాదు. పీరీల పండుగంటే చలికాలమే అని అప్పుడు నా నమ్మకం. తర్వాత జూలై ఉక్కపోతలో అదే మంట ముందు చెమటలు కార్చుకుంటూ నిలబడ్డప్పుడు తెలిసింది అదెంత తప్పో. కట్టె మళ్లా వేపచెట్టు కాడికి వచ్చిందని 2008, 2009ల్లో చూసిన. ఒక ఏడు సంక్రాంతి దాటిన వారంలోపు, మరుసటేడు సంక్రాంతికి వారం ముందు పడ్డది. ఇంకో ముప్పైమూడేళ్లకు, అంటే 2041 సంక్రాంతికి మీరు చూస్తరు. అప్పటికి మీకెన్నేళ్లో వేళ్ల మీద లెక్కేయండి.

లెక్క సరే, చంద్రుణ్ణి చూసిన్రా? అమావాస్య పోయిన తెల్లారి గానీ, ఆ మర్నాడు గానీ పొద్దుగూకంగనే డాబా ఎక్కి పడమటి దిక్కు చూడండి. గోరు కత్తిరించి పడేసినంత సన్నగ ఉంటది, ఒక గంటకే కిందికి దిగిపోతది. మబ్బు పట్టి కనపడకపోతే నెలకు ముప్పై రోజులు నిండినట్టు. ఎవరికి ముందు కనపడ్డదో నాకు ఫోన్ చేయండి.

మీ తాత