ఎంసీటీ నూనె కాలేయానికి చేరే దగ్గరి దారి: అపోహలు - వాస్తవాలు

మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థం తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారాన్ని లెక్కకట్టి ఇవ్వడం పదకొండేళ్లుగా నా పని. ఈ ఆహారంలో ఒక రకం పూర్తిగా మీడియం చెయిన్ ట్రైగ్లిజరైడ్స్ మీద, అంటే అందరూ ఎంసీటీ నూనె అని పిలిచే కొవ్వు మీద ఆధారపడి ఉంటుంది. ఆ సీసాను చేతిలో పెట్టినప్పుడు తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ప్రతిసారీ ఇవే ఉంటాయి. వాటి వెనుక ఉన్న అపోహలను ఒక్కొక్కటిగా తీసుకుని, నాకు తెలిసినంత వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నూనె ఏదైనా నూనే. పేగులోకి వెళ్లాక అన్ని కొవ్వులూ ఒకే దారిలో ఒంట్లో చేరతాయి.

వాస్తవం: కొవ్వు ఏ దారిలో వెళ్తుందన్నది దానిలోని కొవ్వు ఆమ్లపు కర్బన గొలుసు పొడవును బట్టి ఉంటుంది. పప్పు తాలింపులో వేసిన వేరుశనగ నూనెను తీసుకుందాం. అందులోని కొవ్వు ఆమ్లాల్లో ఎక్కువ వాటికి 18 కర్బనాలు ఉంటాయి. ఇవి నీటిలో కరగవు కాబట్టి పైత్యరసం వీటిని సన్నని బిందువులుగా విడగొట్టాలి, క్లోమరసంలోని లైపేజ్ అనే ఎంజైమ్ వాటిని ముక్కలు చేయాలి. ఆ ముక్కలను పీల్చుకున్న పేగు కణం వాటిని నేరుగా రక్తంలోకి వదలదు. మళ్లీ ట్రైగ్లిజరైడ్లుగా కూర్చి, ప్రొటీన్ పొరతో చుట్టి, కైలోమైక్రాన్లు అనే మూటలుగా కట్టి శోషరస నాళాల్లోకి పంపుతుంది. ఆ మూటలు ఛాతీలోని పెద్ద శోషరస నాళం గుండా పైకి ప్రయాణించి, మెడ దగ్గర సిరలో కలుస్తాయి. అక్కడి నుంచి కండరాలకూ కొవ్వు కణజాలానికీ తమ సరుకులో అధిక భాగాన్ని అప్పగించాక, మిగిలిన అవశేషాలే చివరికి కాలేయానికి చేరతాయి. అంటే తిన్న కొవ్వు కాలేయాన్ని దాటుకుని ముందు ఒళ్లంతా తిరుగుతుంది.

8, 10 కర్బనాలున్న కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాలకు ఇంత ప్రయాణం అవసరం లేదు. వీటితో తయారైన ట్రైగ్లిజరైడ్ అణువు చిన్నది కాబట్టి లైపేజ్ దాన్ని త్వరగా విడగొడుతుంది, ఆ పని కొంత కడుపులోనే మొదలవుతుంది. పైత్యరసం తక్కువైనా శోషణ బాగానే జరుగుతుంది. విడివడిన ఆమ్లాలను పేగు కణం తిరిగి మూట కట్టదు. అవి రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని, పేగు నుంచి కాలేయానికి వెళ్లే పోర్టల్ సిర ద్వారా సూటిగా కాలేయానికి చేరతాయి. వీటికి జీర్ణక్రియే అక్కర్లేదని కొందరు అంటారు, అది సరికాదు. లైపేజ్ పని తప్పకుండా జరగాలి, ఆ తర్వాతి దారే వేరు.

ఈ దారి తేడా మన దగ్గర కంటికి కనిపించే సందర్భం ఒకటుంది. బోదకాలు వ్యాధి ఎక్కువగా ఉన్న మన కోస్తా జిల్లాల్లో కొందరికి దెబ్బతిన్న శోషరస నాళాల నుంచి ద్రవం మూత్రంలోకి కారి, మూత్రం పాలలా తెల్లగా వస్తుంది. ఆ తెలుపు కైలోమైక్రాన్లదే. అలాంటి వారికి మామూలు నూనెలను బాగా తగ్గించి ఎంసీటీ నూనె ఇచ్చినప్పుడు మూత్రం క్రమంగా తేటపడుతుంది, ఎందుకంటే ఆ కొవ్వు శోషరస నాళంలోకి దాదాపు వెళ్లనే వెళ్లదు.

అపోహ: కొబ్బరినూనె అంటేనే ఎంసీటీ నూనె. గానుగలో ఆడించింది ఉండగా ఖరీదైన సీసా ఎందుకు?

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. కొబ్బరినూనెలో సగానికి దగ్గరగా ఉండేది 12 కర్బనాల లారిక్ ఆమ్లం. రసాయనశాస్త్రం దాన్ని మధ్యస్థ గొలుసుల జాబితాలోనే చేర్చింది, కానీ పేగులో అది చాలావరకు పొడవాటి గొలుసు లాగే ప్రవర్తించి, అధిక భాగం కైలోమైక్రాన్లలో చేరి శోషరస మార్గం పడుతుంది. సూటిగా కాలేయానికి వెళ్లే 8, 10 కర్బనాల ఆమ్లాలు రెండూ కలిపి కొబ్బరినూనెలో సుమారు 13 శాతమే ఉంటాయి. ఎంసీటీ నూనెను కొబ్బరి లేదా ఆయిల్ పామ్ గింజల నూనె నుంచి ఆ రెండింటినీ వేరుచేసి, మళ్లీ గ్లిజరాల్‌తో కలిపి తయారు చేస్తారు. దాని ఖరీదు ఆ వేరుచేయడానికే.

నేను చూసిన ఒక బాబు ఉదాహరణ చెబుతాను. ఏడేళ్లు, 20 కిలోల బరువు, రోజుకు 1,400 కిలో కాలరీలు కావాలి. అందులో 40 శాతం, అంటే 560 కిలో కాలరీలు ఎంసీటీ నుంచి రావాలని నిర్ణయించాం. ఈ నూనె గ్రాముకు మామూలు కొవ్వులా 9 కాకుండా 8.3 కిలో కాలరీలే ఇస్తుంది కాబట్టి 560ని 8.3తో భాగిస్తే రోజుకు సుమారు 67 గ్రాములు వచ్చింది. దాన్ని నాలుగు పూటలకు పంచి, పూటకు 17 గ్రాముల చొప్పున మజ్జిగలోనో, కూరలోనో, పప్పులోనో కలిపి ఇవ్వాలని రాసిచ్చాను. మొదటి రోజు పూటకు 4 గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాల్లో పూర్తి మోతాదుకు చేరాం. మధ్యాహ్న భోజనం అయిన రెండు గంటలకు వేలిపోటు రక్తంలో, కాలేయం కొవ్వు నుంచి తయారుచేసే కీటోన్లు లీటరుకు 1.8 నుంచి 2.1 మిల్లీమోల్‌ల మధ్య నిలకడగా వచ్చాయి, మూర్ఛలు తగ్గడం మొదలైంది.

ఆరో వారంలో అదే సమయానికి చూస్తే మీటరు 0.5 చూపించింది. ఆహారపు డైరీలో అన్నం, పప్పు, నూనె తూకాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. స్ట్రిప్పులు పాడయ్యాయేమోనని కొత్త డబ్బా తెరిచి చూసినా అదే అంకె. చివరికి వంట ఎలా చేస్తున్నారని అడిగినప్పుడు ఆ తల్లి, "సీసా అయిపోయింది మేడమ్, కొత్తది వచ్చేదాకా మా అత్తయ్యగారు ఊరి నుంచి తెచ్చిన కొబ్బరినూనె అదే తూకానికి వేస్తున్నాను, రెండూ ఒకటేనని చెప్పారు" అన్నారు. ఆమె తూకంలో ఏ పొరపాటూ చేయలేదు. కానీ 67 గ్రాముల కొబ్బరినూనెలో 8, 10 కర్బనాల ఆమ్లాలు 9 గ్రాములకు మించవు, లారిక్ ఆమ్లం మాత్రం 30 గ్రాములకు పైనే ఉంటుంది. ఎంసీటీ సీసా మళ్లీ మొదలైన నాలుగు రోజులకు అంకె 1.7కు చేరింది. రెండు నూనెలూ ఒకటి కావని మొదటి రోజే రాసివ్వకపోవడం నా లోపం. ఇప్పుడు ప్రతి చీటీ మీద ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో రాస్తాను.

సీసాలన్నీ కూడా ఒకటి కావు. 8 కర్బనాల కాప్రిలిక్ ఆమ్లమే కీటోన్లను ఎక్కువగా పెంచుతుంది, 10 కర్బనాలది అంతకన్నా తక్కువ. లేబుల్ మీద ఈ రెండింటి పాళ్లు చూడకుండా ఒక సీసా బదులు మరొకటి కొనకూడదు. లారిక్ ఆమ్లం కలిపిన ఉత్పత్తులు కూడా ఎంసీటీ పేరుతోనే అమ్ముడవుతున్నాయి.

అపోహ: అన్నం పూర్తిగా మానేస్తే తప్ప కీటోన్లు తయారు కావు.

వాస్తవం: మామూలు కొవ్వుల విషయంలో ఈ మాటలో చాలా నిజం ఉంది. కాలేయ కణంలో కొవ్వును కాల్చే చోటు మైటోకాండ్రియా. పొడవాటి ఆమ్లాలు అందులోకి వెళ్లాలంటే కార్నిటైన్ అనే వాహకం మోయాలి, ఆ ద్వారం దగ్గర సీపీటీ-1 అనే ఎంజైమ్ ఉంటుంది. అన్నం తిని ఇన్సులిన్ పెరిగినప్పుడు కాలేయంలో మలోనైల్ కోఎంజైమ్-ఏ అనే పదార్థం ఎక్కువై ఆ ద్వారాన్ని మూసేస్తుంది. తిండి దొరికిన వేళ కొవ్వును కాల్చకుండా దాచుకోవడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు అది.

8 కర్బనాల ఆమ్లం ఆ ద్వారం మీద పెద్దగా ఆధారపడదు. అది చాలావరకు కార్నిటైన్ సాయం లేకుండానే లోపలికి చేరి, మూడు కోతల్లో రెండేసి కర్బనాల నాలుగు ముక్కలవుతుంది. ఆ ముక్కలే అసిటైల్ కోఎంజైమ్-ఏ. అవి ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు కాలేయం తన సొంత అవసరానికి అన్నిటినీ కాల్చుకోలేదు కాబట్టి, మిగిలిన వాటిని జతచేసి అసిటోఅసిటేట్‌గా, బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. కీటోన్లను వాడుకునే ఎంజైమ్ కాలేయంలో లేదు, అందుకే తయారైనవన్నీ మెదడుకూ గుండెకూ కండరాలకూ వెళ్తాయి.

ఎంసీటీ ఆహారంలో పిల్లలకు కొద్దిపాటి అన్నమో, ఒక చిన్న ఇడ్లీయో, పండు ముక్కో ఇవ్వగలగడానికి కారణం ఇదే. 1971లో హటెన్‌లాకర్, ఆయన సహచరులు ఈ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు వారి ఉద్దేశం కూడా పిల్లలు తినగలిగే ఆహారాన్ని ఇవ్వడమే. అయితే దీన్ని కంచం నిండా అన్నం తినవచ్చన్న అనుమతిగా తీసుకోకూడదు. పిండిపదార్థం పెరిగేకొద్దీ అదే మోతాదు నూనెకు వచ్చే కీటోన్లు తగ్గుతాయి.

అపోహ: కీటోన్లు పెరిగాయంటే ఒంట్లోని కొవ్వు కరుగుతున్నట్టే.

వాస్తవం: కొన్నేళ్ల క్రితం మన రాష్ట్రాల్లో ఇంటింటా నూనె తాగే ఆహార పద్ధతులు వ్యాపించినప్పటి నుంచి ఈ మాట బలపడింది. ఉపవాసంలో పెరిగే కీటోన్లు నిజంగానే ఒంటి కొవ్వు నుంచి వస్తాయి. ఎంసీటీ తాగిన తర్వాత పెరిగేవి ప్రధానంగా తాగిన నూనె నుంచే వస్తాయి. మీటరుకు ఆ తేడా తెలియదు. 30 మిల్లీలీటర్ల నూనె సుమారు 230 కిలో కాలరీలు ఇస్తుంది, ఆ మేరకు భోజనంలో తగ్గించకపోతే బరువు పెరగడానికే అవకాశం ఉంది. పైగా అన్నం తినే ఆరోగ్యవంతులైన పెద్దల్లో ఒక మోతాదుకు వచ్చే పెరుగుదల చిన్నది, సాధారణంగా ఒక మిల్లీమోల్ లోపే ఉంటుంది. అది ఒకటి రెండు గంటల్లో గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత కొన్ని గంటల్లో దిగిపోతుంది. పిల్లలకు నూనెను పూటపూటకూ పంచి ఇవ్వడం, పడుకునే ముందు పూట తప్పవద్దని చెప్పడం ఆ దిగుదల వల్లే.

మూత్రపు స్ట్రిప్పుల రంగును నమ్ముకోవద్దని కూడా చెప్పాలి. ఆ రంగు అసిటోఅసిటేట్‌కే వస్తుంది, రక్తంలో ఎక్కువగా ఉండే బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్ దానికి కనిపించదు. బాగా నీళ్లు తాగిన రోజు రంగు పలుచబడుతుంది.

అపోహ: త్వరగా జీర్ణమయ్యే నూనె కాబట్టి ఎవరైనా ఎంతైనా తాగవచ్చు.

వాస్తవం: పరగడుపున రెండు పెద్ద చెంచాలు తాగి, గంటలోపే మెలిపెట్టే కడుపునొప్పితో, నీళ్ల విరేచనాలతో వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. ఈ కొవ్వు త్వరగా విడివడడం వల్ల పేగులో ఒక్కసారిగా ఎన్నో చిన్న అణువులు చేరి నీటిని లాగుతాయి. 5 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, భోజనంలో కలిపి, రోజుల తరబడి నెమ్మదిగా పెంచితే చాలామందికి సర్దుకుంటుంది. ఇది తక్కువ వేడికే పొగలు కక్కుతుంది కనుక పూరీలు వేయించడానికి పనికిరాదు. ఒంటికి తప్పనిసరైన లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలు ఇందులో లేవు, అందుకే ఇతర నూనెలను పూర్తిగా ఆపకూడదు.

టైప్-1 మధుమేహం ఉన్నవారు, కాలేయం బాగా దెబ్బతిన్నవారు వైద్యుడిని అడగకుండా దీన్ని ముట్టకూడదు. ఎంసీఏడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన పిల్లలకైతే ఇది ప్రమాదకరం, ఎందుకంటే మధ్యస్థ గొలుసులను కోసేది ఆ ఎంజైమే. పొడవాటి గొలుసులను కోసే ఎంజైమ్ లోపించిన పిల్లలకు మాత్రం ఇదే నూనె చికిత్సగా ఇస్తారు. రెండు జబ్బుల్లోనూ పిల్లవాడు జ్వరం వచ్చి తిండి మానేసిన రోజున మగతలోకి జారి, చక్కెర పడిపోయిన స్థితిలోనే ఆసుపత్రికి రావచ్చు. బయటి లక్షణాలను చూసి ఏ జబ్బో చెప్పలేం కాబట్టి, రక్తంలో ఎసిల్ కార్నిటైన్ పరీక్ష ఫలితం చేతికి వచ్చేదాకా అలాంటి బిడ్డకు నేను ఒక్క చెంచా ఎంసీటీ కూడా రాయను.