అచ్చు పేజీ కదలాలంటే

కావలి నుంచి ఒక పదో తరగతి విద్యార్థిని ఉత్తరం రాసింది. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ మీద తాను గీసిన ఒక పేజీ బొమ్మకథ పాఠశాల పత్రికలో అచ్చయిందట. దాన్ని కదిలే బొమ్మల వీడియోగా మార్చాలనుకుంటోంది. "ఏ గడి తర్వాత ఏ గడి చూపాలో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? జూమ్ చేస్తే మొదట దూకినట్టు, తర్వాత నీరసించినట్టు ఎందుకు కనిపిస్తోంది?" అని అడిగింది. పేజీని కూడా జతచేసింది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఆ పేజీలోనే ఉంది.

పేజీలో ఐదు గడులున్నాయి. పైన అడ్డంగా ఒక వెడల్పు గడి: తిరునాళ్ళ జనం, మైదానం. అడుగున మరో వెడల్పు గడి: పోటీ ముగిసింది, దూరం కొలుస్తున్నారు. నడుమ భాగంలో ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటిగా రెండు చిన్న గడులు: కాడికి గొలుసు తగిలించడం, ఎద్దు ముఖం. వాటికి కుడి పక్కన, ఆ రెంటి ఎత్తూ కలిపినంత పొడుగున్న గడిలో జత బండను లాగుతోంది. వరుసగా ఎడమ నుంచి కుడికి చదవాలన్న సూత్రాన్ని పట్టుకుంటే గొలుసు తర్వాత బండ లాగడం, ఆ తర్వాత ఎద్దు ముఖం వస్తాయి. కథ పాడైపోతుంది.

దీనికి చక్కటి ఉపాయం ఉంది. అచ్చు పేజీలను భాగాలుగా విడదీయడానికి 1984లో జార్జ్ నాగీ, శరద్ సేఠ్ చూపిన పద్ధతి ఇక్కడ అలాగే పనికొస్తుంది. ముందు పేజీకి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా సాగే తెల్లని సందులను వెతకాలి. ఈ పేజీలో అలాంటివి రెండే ఉన్నాయి: మొదటి గడి కింద ఒకటి, చివరి గడి పైన ఒకటి. అక్కడ కోస్తే మూడు ముక్కలు వస్తాయి. నడిమి ముక్కలో గొలుసు గడికీ ముఖం గడికీ మధ్య సందు ఉంది కానీ, అది కుడి అంచు దాకా వెళ్ళలేదు. పొడుగు గడి దానికి అడ్డం పడింది. కాబట్టి ఆ ముక్కను నిలువుగా కోయాలి. ఎడమ సగాన్ని మళ్ళీ అడ్డంగా కోస్తే గొలుసు, ముఖం విడిపోతాయి. కోసిన ప్రతిచోటా పై ముక్క ముందు, ఎడమ ముక్క ముందు అనుకుంటే చాలు. మైదానం, గొలుసు, ముఖం, లాగడం, కొలవడం అన్న సరైన వరుస దానంతటదే వస్తుంది.

సందును కనుక్కోవడానికి కంప్యూటర్ ఒక్కో పిక్సెల్ వరుసలో సిరా ఎంతుందో లెక్కిస్తుంది. సిరా లేని వరుసలు గుత్తిగా దొరికితే అది సందు. ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందో కూడా లెక్కే చెబుతుంది. ఏడంగుళాల వెడల్పున్న పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 2100 పిక్సెళ్ళు. మూడు మిల్లీమీటర్ల సందు అందులో 35 పిక్సెళ్ళు. స్కానర్ మీద కాగితం ఒక్క డిగ్రీ వంకరగా పడితే, సందు ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరేసరికి 37 పిక్సెళ్ళు పైకో కిందకో జరుగుతుంది. అంటే పూర్తిగా ఖాళీగా ఉండే వరుస ఒక్కటీ మిగలదు. కంటికి చక్కగా కనిపించే పేజీలో కంప్యూటర్ ఒక్క సందునూ చూడలేదంటే ముందు అనుమానించవలసింది ఈ వంకరనే. రెండో చిక్కు ఈ పేజీలోనే ఉంది. పొడుగు గడిలోని ఎద్దు కొమ్ము చట్రం దాటి పై సందులోకి పొడుచుకొచ్చింది. వరుసలో రెండు మూడు శాతం సిరా ఉన్నా దాన్ని ఖాళీగానే లెక్కించమంటే అది సర్దుకుంటుంది. నాలుగు గడులు ఐదో గడి చుట్టూ సుడిలా తిరిగే అమరిక అయితే అంచు నుంచి అంచు దాకా పోయే సందు అసలు ఉండదు. అక్కడ వరుసను మనిషే నిర్ణయించాలి.

ఇక జూమ్. ఎద్దు ముఖాన్ని మూడు సెకన్లలో రెండింతలు చేయాలి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 72 ఫ్రేములు. ప్రతి ఫ్రేములోనూ సమానంగా కలుపుకుంటూ పోతే మొదటి ఫ్రేములో బొమ్మ 1.4 శాతం పెరుగుతుంది. చివరికొచ్చేసరికి కలిపేది అంతే అయినా అప్పటికే బొమ్మ రెండింతలైంది కాబట్టి పెరుగుదల 0.7 శాతమే. కన్ను చూసేది ఎంత కలిసిందన్నది కాదు, ఎన్నో వంతు పెరిగిందన్నది. అందుకే మొదట దూకుడు, తర్వాత నీరసం. కలపడం మానేసి ప్రతి ఫ్రేములోనూ 1.00967తో గుణించాలి. అలా 72 సార్లు గుణిస్తే దాదాపు సరిగ్గా రెండింతలవుతుంది, వేగం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా అనిపిస్తుంది. బడిలో అంకశ్రేఢికీ గుణశ్రేఢికీ తేడాను నల్లబల్ల మీద అంకెలతో చెప్పి వదిలేస్తారు. ఈ రెండు జూమ్‌లనూ పక్కపక్కన చూపిస్తే ఆ తేడాను పిల్లలు జన్మలో మరచిపోరని నా గట్టి నమ్మకం.

జూమ్‌తో పాటు కెమెరా పక్కకు కూడా జరగాలంటే మరో జాగ్రత్త అవసరం. ఎద్దు కన్ను గడి మధ్యలో లేదు, కుడి వైపున ఉంది. పెరుగుదలను గుణశ్రేఢిలో పెట్టి, పక్కకు జరగడాన్ని మాత్రం సమాన అడుగుల్లో పెడితే కన్ను తెర మీద మొదట నెమ్మదిగా జరిగి, చివర్లో ఒక్కసారిగా మధ్యకు దూసుకొస్తుంది. కెమెరా చూసే చట్రం వెడల్పు మొత్తం తగ్గవలసిన దానిలో ఎన్నో వంతు తగ్గిందో, దాని మధ్య బిందువు కూడా వెళ్ళవలసిన దూరంలో సరిగ్గా అన్నో వంతే జరగాలి. అప్పుడు కన్ను మరింత సమంగా తెర మధ్యకు వస్తుంది.

బొమ్మను రెండింతలకు మించి పెంచవద్దని ఆ అమ్మాయికి చెప్పాను. ముఖం గడి మూడు అంగుళాల పైచిలుకు. అంగుళానికి 1200 చుక్కలతో స్కాన్ చేస్తే రెండింతలు చేసినా 1920 పిక్సెళ్ళ తెరకు సరిపోతుంది. దాన్ని నాలుగింతలు చేస్తే కనిపించేది ఎద్దు కన్ను కాదు, రంగుల అచ్చులోని చుక్కలు. స్కాన్ ఇంకా ఎక్కువ చేసినా ఆ చుక్కలే స్పష్టమవుతాయి, బొమ్మ కాదు.

పొడుగు గడి తెరలో పట్టదు. వెడల్పుకు సరిపెట్టి పై నుంచి కిందకు దించాలి. పైన ఎడ్ల తలలు, తోలేవారి కేక ఉన్న మాటల బుడగ, కింద బండ. బండ కదిలిందా లేదా అన్నది చివర తెలియాలి కాబట్టి కెమెరా గొలుసు వెంట దిగి బండ దగ్గర ఆగాలి.

ఆ గడి లోపల ఏం కదలాలి? ఎడ్లను కత్తిరించి ముందుకు జరిపితే నేల మీద జారుతున్నట్టుంటుంది. ఒకే భంగిమలో గీసిన కాళ్ళు నడవలేవు. ఇక్కడ మన తోలుబొమ్మే దారి చూపుతుంది. తోలుబొమ్మలో పైచేయి, ముంజేయి వేర్వేరు ముక్కలు. కీలు దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, అందుకే తిప్పినా సందు కనపడదు. ఎద్దు మెడనూ అలాగే కోయాలి. తల ముక్కకు మెడలోకి గుండ్రంగా సాగిన అంచును కొత్తగా గీసి, ఆ గుండ్రం కేంద్రం చుట్టూ తిప్పాలి. తల జరిగితే వెనుక బయటపడే జనాన్నీ గీయాలి. కాళ్ళను నేలకు తన్నిపట్టి అలాగే ఉంచేయాలి. నిజమైన పోటీలోనూ బండ కదిలే ముందు క్షణం అలాగే ఉంటుంది. నిలిచిన బండను కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న బండను లాగడానికి కావలసిన బలం కంటే ఎక్కువ. అందుకని తల వంగాలి, గొలుసు బిగియాలి, దాదాపు ఒక సెకను ఏమీ జరగకూడదు, తర్వాత మూడు ఫ్రేముల్లో బండ ఒక్క కుదుపుతో కాస్త జరగాలి. దుమ్ము దాని తర్వాత రెండు ఫ్రేములకు లేవాలి. ముందే లేస్తే బండ బరువు పోతుంది. వేగం కోసం గీసిన గీతలను చెరిపేయాలి. కాగితం మీద కదలిక లేదు కాబట్టి దానికి బదులుగా గీసినవవి, ఇప్పుడు కదలికే ఉంది.

చివరి గడిలో రెండు బుడగలున్నాయి. కుర్రవాడు "ఎంత వచ్చింది బాబాయ్?" అంటాడు. టేపు పట్టుకున్న ఆయన "మనదేరా మొదటి బహుమతి" అంటాడు. కుర్రవాడి నవ్వును మాత్రం రెండో మాటకు తగ్గట్టు గీసింది. కాగితం మీద ఇది తప్పు కాదు, ఒక గడిలో రెండు క్షణాలు ఇముడుతాయి. తెర మీద మొదటి ప్రశ్న వేళకే అతను నవ్వుతూ కనిపిస్తే ఫలితం ముందే తెలిసిపోతుంది. అందుకని కెమెరా ముందు టేపు మీద ఉండి, ప్రశ్న గొంతు మాత్రమే వినిపించాలి. జవాబు పూర్తయ్యాక అతని ముఖం మీదకు రావాలి.