స్పిన్‌కు దగ్గరగా, పేస్‌కు వెనకగా: వికెట్ కీపర్ పాదాల గురించి అపోహలు – వాస్తవాలు

వికెట్ కీపింగ్ నేర్పేటప్పుడు నాకు ఎక్కువ సమయం పట్టేది గ్లౌజుల పని కాదు, పాదాల పని. బంతి జారిపోయిన ప్రతిసారీ చూసేవారు చేతులనే తప్పుపడతారు కానీ, కొంచెం వెనక్కి వెళ్లి గమనిస్తే చాలాసార్లు తప్పు అంతకుముందే పాదాల దగ్గర జరిగి ఉంటుంది. స్పిన్నర్‌కు స్టంప్స్ దగ్గర నిలబడే కీపర్, ఫాస్ట్ బౌలర్‌కు వెనక నిలబడే కీపర్ ఒకే మనిషి కావడం వల్ల, పాదాల పని కూడా ఒకటే అన్న భావన బలంగా నాటుకుపోయింది. కింద చెప్పేదంతా కుడిచేతి బ్యాటర్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. ఎడమచేతి బ్యాటర్ ఎదురైతే కుడి ఎడమలను తారుమారు చేసుకోవాలి.

అపోహ: నిలబడే చోటు మాత్రమే మారుతుంది, స్టాన్స్ ఒకటే.

వాస్తవం: రెండు చోట్లా కీపర్‌కు దొరికే సమయం ఎంతో ముందుగా లెక్క వేసుకుంటే మిగిలినవన్నీ దానినుంచే అర్థమవుతాయి. గంటకు 85 కిలోమీటర్ల వేగంతో స్పిన్నర్ వదిలిన బంతి గాలిలో, ఆపై పిచ్ మీద కొంత వేగం కోల్పోయి సెకనుకు సుమారు 19 మీటర్ల వేగంతో బ్యాట్‌ను దాటుతుందని అనుకుందాం. పాపింగ్ క్రీజ్ స్టంప్స్‌కు 1.22 మీటర్ల ముందు ఉంటుంది, కీపర్ గ్లౌజులు స్టంప్స్‌కు ఓ అర మీటరు వెనక ఉంటాయి, బ్యాటర్ కాస్త ముందుకు వచ్చి ఆడతాడు. అంటే బ్యాట్ అంచు నుంచి గ్లౌజు వరకు దూరం సుమారు 2 మీటర్లు, ఆ దూరానికి బంతికి పట్టే సమయం సెకనులో పదో వంతు. కంటితో చూసి శరీరాన్ని కదిలించడానికి మనిషికి దాదాపు 0.2 సెకన్లు కావాలి. కాబట్టి స్టంప్స్ దగ్గర పట్టిన ఎడ్జ్ క్యాచ్‌ను కీపర్ "చూసి" పట్టడు. బ్యాట్ అడ్డు రాకపోతే బంతి ఎక్కడికి వచ్చి ఉండేదో అక్కడ గ్లౌజులు ముందే ఉండటం వల్ల పడుతుంది.

మరి ఎడ్జ్ తీసుకున్న బంతి దారి మారదా అంటే, మారుతుంది, కానీ ఆ 2 మీటర్లలో ఎంత మారుతుందన్నదే ప్రశ్న. సన్నని ఎడ్జ్ బంతిని 3 డిగ్రీలు పక్కకు మళ్లించిందనుకుంటే, 2 మీటర్ల దూరంలో అది 10 సెంటీమీటర్లు జరుగుతుంది. జంటగా తెరిచిన గ్లౌజుల వెడల్పులోనే అది ఇమిడిపోతుంది. అదే 3 డిగ్రీల ఎడ్జ్ 16 మీటర్ల వెనక ఉన్న కీపర్ దగ్గరకు వచ్చేసరికి 84 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అయితే అక్కడ అతనికి దాదాపు అర సెకను దొరుకుతుంది. దగ్గర నిలబడ్డ కీపర్ పాదాలు తలను, చేతులను బంతి వరుసలో నిలిపి ఉంచడానికి పనిచేస్తాయి; వెనక నిలబడ్డ కీపర్ పాదాలు మొత్తం శరీరాన్ని బంతి వెళ్లే చోటికి మోసుకుపోవడానికి పనిచేస్తాయి.

అందుకే స్టంప్స్ దగ్గర పూర్తిగా కిందికి కూర్చోవాలి. ఎడమ పాదం మిడిల్, ఆఫ్ స్టంప్‌ల మధ్య వరుసలోను, తల ఆఫ్ స్టంప్‌కు కాస్త బయటా, కళ్లు బెయిల్స్ ఎత్తుకు కొంచెం పైనా ఉంటాయి. బరువు పాదాల ముందు భాగం మీద ఉంటుంది, గ్లౌజులు నేలను తాకుతుంటాయి. వెనక నిలబడినప్పుడు పాదాలు భుజాలకంటే వెడల్పుగా ఉంటాయి, కూర్చున్న భంగిమ అంత లోతుగా ఉండనక్కరలేదు, బౌలర్ బంతి వదిలే వేళకు మోకాళ్లు సగం లేచిన స్థితికి వచ్చేయాలి. లోతుగా కూర్చున్న చోటినుంచి పక్కకు బలంగా తన్నుకుని కదలడం కుదరదు.

అపోహ: బంతి ఎగిరే పిచ్ అయితే స్పిన్నర్‌కు కూడా ముందుగానే లేచి సిద్ధంగా ఉండాలి.

వాస్తవం: పైకి లేచిన కీపర్ తక్కువ ఎత్తులో వచ్చే బంతికి మళ్లీ కిందికి దిగాలి, దిగడానికి సమయం లేదని పైన లెక్కలోనే చూశాం. కింద ఉన్న గ్లౌజులు బంతితో పాటు పైకి రావడం సులువు, పైన ఉన్న గ్లౌజులు బంతిని వెంటాడుతూ కిందికి పోవడం కష్టం. బంతి పిచ్ మీద పడేదాకా కూర్చునే ఉండి, దాని ఎగురుడుతో పాటే లేవాలి. ముందే లేచే అలవాటును గుర్తించడం సులభం. అలాంటి కీపర్ వదిలిన బంతుల్లో ఎక్కువ భాగం గ్లౌజుల కిందుగా పోతాయి, బై పరుగులు కాళ్ల మధ్యనుంచే వస్తాయి.

బంతి ఛాతీ ఎత్తుకు ఎగిరితే చాలామంది తడబడతారు, ఎందుకంటే గ్లౌజులకు వెనక్కి తగ్గే చోటు లేక శరీరమే అడ్డొస్తుంది. అప్పుడు కుడి పాదాన్ని కొద్దిగా వెనక్కి తీసి, కుడి తుంటిని తెరిస్తే చేతులు కుడి పక్కకు సాగడానికి దారి దొరుకుతుంది. ఎడమ పాదం మాత్రం ఉన్న చోటే ఉంటుంది, తల స్టంప్స్‌కు దూరం కాదు.

అపోహ: లెగ్ సైడ్ వెళ్లే బంతికి ఓ అడుగు వెనక్కి వేస్తే సమయం దొరుకుతుంది.

వాస్తవం: నేను ఎక్కువగా సరిదిద్దే తప్పు ఇదే కాబట్టి ఒక బంతిని తీసుకుని వివరంగా చూద్దాం. ఆఫ్ స్పిన్నర్ బంతి మిడిల్ స్టంప్ వరుసలో పడి లెగ్ సైడ్‌కు తిరిగింది, బ్యాటర్ ముందుకు వచ్చి ఆడబోయి తప్పిపోయాడు, అతని వెనక పాదం క్రీజ్ దాటింది. ఆ బంతి కీపర్‌కు కొంతసేపు కనబడదు, బ్యాటర్ కాళ్లు, శరీరం అడ్డం వస్తాయి. కనబడని ఆ క్షణంలో సహజంగా కలిగే భయం పాదాన్ని వెనక్కి లాగుతుంది.

ఎడమ పాదం 30 సెంటీమీటర్లు వెనక్కి పోతే కీపర్‌కు కలిసొచ్చే సమయం సెకనులో వందో వంతు, లేదా రెండు వంతులు. దానితో ఎవరూ ఏమీ చేయలేరు. పోయేది మాత్రం చాలా ఎక్కువ. తల, భుజాలు అంతే దూరం వెనక్కి పోతాయి, బంతి దొరికాక గ్లౌజు బెయిల్స్‌ను చేరాలంటే మరో అడుగు ముందుకు వేయాలి, ఈలోగా బ్యాటర్ పాదం క్రీజ్ లోపలికి వచ్చేస్తుంది.

సరైన పద్ధతిలో పిచ్ మీద పడిన తరువాత బంతి తిరిగే దిశ తెలిసేదాకా కదలిక ఉండదు. తెలిసిన వెంటనే ఎడమ పాదం క్రీజ్‌కు సమాంతరంగా, నేరుగా పక్కకు వెళుతుంది. కుడి పాదం ఉన్న చోటే నిలుస్తుంది, లేదా మడమ మాత్రమే లేస్తుంది. తల ఎడమ మోకాలి మీదుగా వస్తుంది, నడుము ఎత్తు పెరగదు. గ్లౌజులు నేలకు దగ్గరగా పక్కకు జరిగి, బ్యాటర్ ప్యాడ్ దాటి బంతి మళ్లీ కనబడాల్సిన చోట ఎదురుచూస్తాయి. బంతి గ్లౌజుల్లో పడ్డాక బరువు ఎడమ కాలి నుంచి కుడి కాలి మీదకు తిరిగి వస్తుంది, ఆ ఊపుతోనే చేతులు స్టంప్స్‌ను చేరతాయి. ఇక్కడ విడిగా వేయాల్సిన అడుగు ఒక్కటీ ఉండదు.

తప్పు జరిగిందో లేదో తెలుసుకోవడానికి చేతులను చూడకండి. బంతి పట్టిన క్షణంలో కీపర్ కుడి పాదం ఎక్కడుందో చూడండి. అది కూడా లెగ్ సైడ్‌కు లాగబడి, రెండు పాదాలూ దగ్గరికి చేరి ఉంటే, క్యాచ్ పట్టగలిగినా స్టంపింగ్ చేయడం దాదాపు అసాధ్యం. సాధన చేయించేటప్పుడు నేను కుడి పాదం చుట్టూ నేల మీద ఓ గీత గీసి, బంతి పట్టి బెయిల్స్ తీసేదాకా ఆ గీత దాటవద్దని చెబుతాను. మొదటి రోజు చాలామందికి కోపం వస్తుంది, ఎందుకంటే పట్టగలిగే బంతులు కూడా జారిపోతాయి. ఆ దశను ఓపికగా దాటించాలి.

ఒక హద్దు కూడా ఉంది. బంతి బ్యాట్‌ను గానీ బ్యాటర్‌ను గానీ తాకకముందే, లేదా స్టంప్స్ దాటకముందే, గ్లౌజులు స్టంప్స్ ముందుకు వస్తే అంపైర్ నోబాల్ ఇస్తాడు, నోబాల్‌కు స్టంపింగ్ చెల్లదు. తొందరపడి బంతిని ముందుకు వెళ్లి అందుకునే అలవాటు ఉన్నవారు అందిన వికెట్‌ను ఇలాగే పోగొట్టుకుంటారు.

అపోహ: ధోనీ చేతులు వెనక్కి పోవు, కాబట్టి మనమూ వెనక్కి తీయకూడదు.

వాస్తవం: అంతర్జాతీయ క్రికెట్‌లో 195 స్టంపింగ్‌లు చేసిన ఆటగాడి చేతులు బంతిని అందుకుంటూనే స్టంప్స్ వైపు సాగడం అందరూ చూశారు. ఆ పద్ధతి పనిచేయాలంటే మణికట్టు, వేళ్లు బంతి తాకిడిని పూర్తిగా మింగగలగాలి, తల అప్పటికే బంతి వరుసలో ఉండాలి. నేర్చుకునేవారు గ్లౌజులను కాస్త వెనక్కి తగ్గిస్తూ పట్టడమే ముందుగా సాధించాలి. గట్టి చేతులతో ముందుకు వెళ్లిన గ్లౌజు నుంచి బంతి ఎగిరిపోతుంది.

అపోహ: ఫాస్ట్ బౌలర్‌కు ఎంత వెనక నిలబడితే అంత సమయం, వెడల్పుగా దూకితే అంత మేలు.

వాస్తవం: దూరాన్ని బంతి నిర్ణయిస్తుంది. మామూలు లెంగ్త్‌లో పడి వచ్చిన బంతి, పైకి ఎగరడం పూర్తయి కిందికి దిగడం మొదలుపెట్టే వేళకు నడుము ఎత్తులో దొరికే చోటే సరైన చోటు. ఛాతీ మీదకు ఇంకా ఎక్కుతూ వస్తుంటే వెనక్కి వెళ్లాలి, మోకాలి కింద దొరుకుతుంటే ముందుకు రావాలి. బంతి పాతబడినా, బౌలర్ అలసినా ఈ చోటు మారుతుంది, అందుకే స్పెల్ మధ్యలోనూ సరిచూసుకోవాలి. మరీ వెనక నిలబడితే సన్నని ఎడ్జ్‌లు ముందే నేలను తాకుతాయి. స్లిప్ ఫీల్డర్లు కూడా కీపర్‌ను చూసే నిలబడతారు కాబట్టి ఆ తప్పు వారికీ అంటుకుంటుంది.

ఇక అడుగుల సంగతి. గంటకు 135 కిలోమీటర్ల బంతి బౌలర్ చేతి నుంచి వెనక ఉన్న కీపర్‌ను చేరడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. బ్యాట్‌ను తాకకుండా బాగా వెడల్పుగా వచ్చే బంతిని ఆ సెకను పొడవునా చూడవచ్చు, ఒక కాలిని మరో కాలి మీదుగా దాటించి పరుగెత్తి వెళ్లవచ్చు. ఎడ్జ్ మాత్రం వేరు. దానికి దొరికే అర సెకనులో చూడటానికి 0.2 సెకన్లు పోతే మిగిలేది 0.3, అందులో పట్టేది ఒక్క బలమైన పక్క అడుగు, ఆపై చేతులు. కాళ్లు దాటించడం మొదలుపెడితే అది పూర్తికాకముందే బంతి వెళ్లిపోతుంది.

ఆ ఒక్క అడుగు ఎటైనా వేయగలగాలంటే, బంతి బ్యాట్‌ను చేరే క్షణానికి రెండు పాదాలూ నేల మీద సమంగా ఉండాలి. చిన్న ముందస్తు గెంతు వేసే కీపర్లు ఆ గెంతును అంతకుముందే ముగించాలి. లోపలికి వచ్చే బంతిని వెంబడిస్తూ బరువు ఎడమ కాలి మీదకు జారిపోయి ఉంటే, బయటి అంచు తాకి కుడివైపు వెళ్లే బంతికి మొదట ఆ బరువును వెనక్కి తేవాలి, అక్కడే అడుగు పోతుంది. 84 సెంటీమీటర్ల పక్కన వెళ్లే ఆ క్యాచ్‌కు కీపర్ దూకి వేళ్ల చివర తాకించి వదిలేస్తే, చూసేవారు గొప్ప ప్రయత్నం అంటారు. నేను మాత్రం వీడియోను వెనక్కి తిప్పి, బంతి బ్యాట్‌ను తాకిన చోట ఆపి, ఎడమ మడమ నేలకు అంటుకుని ఉందో లేదో చూస్తాను.