నిమ్ ఆటలో గెలుపు ఎవరిది: అపోహలు - వాస్తవాలు

ఇద్దరు ఆడే ఈ ఆటలో గింజలతో కొన్ని కుప్పలు పోస్తారు. మీ వంతు వచ్చినప్పుడు ఏదో ఒక్క కుప్పలోంచి ఎన్ని గింజలైనా తీయొచ్చు, కనీసం ఒకటైనా తీయాలి. ఆఖరి గింజ తీసినవాళ్లే గెలుస్తారు. 3, 4, 5 చింతగింజలతో మూడు కుప్పలు పోశామనుకోండి.

అపోహ: పెద్ద కుప్పలోంచి తీస్తూ, మొత్తం సరిసంఖ్య మిగిలేలా చూసుకుంటే చాలు.

ఇక్కడ మొత్తం 12, సరిసంఖ్యే. అయినా ఇప్పుడు ఆడబోయేవాళ్లే గెలవగలరు, అదీ చిన్న కుప్పలోంచి తీస్తేనే. కుప్పలను బైనరీలో, అంటే 4లు, 2లు, 1ల స్థానాల్లో 0, 1 అంకెలతోనే, ఒకదాని కింద ఒకటి రాయండి:

```
3 = 011
4 = 100
5 = 101
-------
    010
```

కూడేటప్పుడు చేతిలో ఒకటి ఉంచుకోవద్దు. నిలువు వరుసలో 1లు సరిసంఖ్యలో ఉంటే 0, బేసిసంఖ్యలో ఉంటే 1 వేయండి. అలవాటు కొద్దీ మామూలుగా కూడితే 12 వస్తుంది, దాంతో పనిలేదు. మన ఫలితం 010, అంటే 2ల స్థానం బేసి. ఫలితాన్ని 000 చేసి వదలడమే కిటుకు. ఆ స్థానంలో 1 ఉన్నది 3లోనే. దాన్ని 0 చేస్తే 011 కాస్తా 001 అవుతుంది. రెండు గింజలు తీసి ఒకటి వదలాలి. ఇక్కడ గెలిపించే ఎత్తు ఇదొక్కటే.

అపోహ: ఎదుటివాళ్లు తెలివిగా ఆడితే లెక్క తారుమారవుతుంది.

ఇప్పుడున్నది 1, 4, 5. అన్ని వరుసలూ సరి, ఫలితం 000. ఎదుటివాళ్లు ఒక్క కుప్పనే ముట్టుకోవాలి కదా, ఆ కుప్పలో కనీసం ఒక అంకె మారక తప్పదు. మారిన ప్రతి వరుసా బేసి అవుతుంది. అంటే 000 నుంచి 000కి వెళ్లే దారి లేదు.

వాళ్లు 5లోంచి మూడు తీశారనుకుందాం: 1, 4, 2. ఫలితం 111. బేసి వరుసల్లో అన్నిటికంటే ఎడమది చూడండి, 4ల స్థానం. అక్కడ 1 ఉన్న కుప్పను, అంటే 100ను పట్టుకుని, బేసి ఉన్న ప్రతి చోటా అంకె తిప్పితే 011. కుడివైపు 0లు 1లైనా, ఎడమన 4 పోయి వచ్చేది మహా అయితే 3. అందుకే సంఖ్య తప్పక తగ్గుతుంది, అంటే ఆ ఎత్తు ఎప్పుడూ సాధ్యమే. ఒక గింజ తీస్తే 1, 3, 2. మళ్లీ 000. గింజలు తరుగుతూనే ఉంటాయి, అన్నీ ఖాళీ అయిన స్థితి కూడా 000యే. ప్రతిసారీ 000 వదిలేది మీరైతే ఆఖరి గింజా మీదే. హార్వర్డ్‌లో చార్లెస్ బౌటన్ 1901లో నిరూపించింది ఇదే.

అపోహ: మొదట ఆడినవాళ్లే గెలుస్తారు.

మొదలే 1, 4, 5 అయితే, ఎదుటివాళ్లు తప్పు చేయనంతవరకు మొదట ఆడినవాళ్లు ఓడతారు.

అపోహ: ఆఖరి గింజ తీస్తే ఓటమి అనే పద్ధతికి ఈ లెక్క పనికిరాదు.

చివరి మలుపు దాకా ఇదే లెక్క. ఒకే కుప్పలో రెండు లేదా అంతకంటే ఎక్కువ ఉండి, మిగతావన్నీ ఒంటి గింజలైనప్పుడు మాత్రం మార్చాలి: ఒంటి గింజల కుప్పలు బేసిగా మిగలాలి. 5, 1, 1 ఉంటే మామూలు ఆటలో 5నీ ఎత్తేస్తాం. ఈ పద్ధతిలో నాలుగే తీసి 1, 1, 1 వదులుతాం.