డూప్లికేట్ కాంటాక్టులు కలపడం: అపోహలు, వాస్తవాలు

ఆఫీసుల, సంఘాల కాంటాక్టు లిస్టులు శుభ్రం చేసే పని చాలాకాలంగా చేస్తున్నాను. లిస్టు ఎవరిదైనా, ఈ కింది మాటలే మళ్ళీ మళ్ళీ వింటుంటాను.

అపోహ: పేరు ఒకటైతే మనిషీ ఒకరే.

వాస్తవం: పేరును నేను అన్నిటికంటే చివర చూస్తాను. ముందు చూసేది ఫోన్ నంబరు, తర్వాత ఈమెయిల్. ఒకే నంబరును ఒకచోట మధ్యలో ఖాళీలతో, ఇంకోచోట ముందు సున్నాతో, మరోచోట + గుర్తు, దేశం కోడ్ పెట్టి సేవ్ చేసి ఉంటారు. మన కంటికి అవి ఒకటేనని తెలుస్తుంది గానీ సాఫ్ట్‌వేర్‌కి మూడు వేర్వేరు నంబర్లలా కనిపించవచ్చు. అందుకని ఖాళీలు, గీతలు, బ్రాకెట్లు తీసేసి, అన్నిటినీ + తో మొదలయ్యే అంతర్జాతీయ రూపంలోకి మార్చాకే పోలుస్తాను. ఆ రూపంలో దేశం కోడ్‌తో కలిపి 15 అంకెలు దాటవు. దాటాయంటే చివర ఎక్స్‌టెన్షన్ అతుక్కుపోయిందనో, టైపింగ్‌లో తప్పు పడిందనో అనుకోవాలి.

నంబరు కలిసింది కదా అని వెంటనే కలిపేయకూడదు. తండ్రీకొడుకుల ఎంట్రీల్లో ఒకే ఇంటి ఫోన్ ఉంటుంది. కొడుకు, కోడలు ఒకే ఈమెయిల్ వాడుతుంటారు. నంబరు చూసి మొదటి ఇద్దరినీ, ఈమెయిల్ చూసి మూడో మనిషినీ కలిపితే ముగ్గురూ ఒకే ఎంట్రీ అయిపోతారు. కలిపిన ఎంట్రీలో రెండు పుట్టినరోజులు కనిపించినా, సంబంధం లేని రెండు మొదటి పేర్లు కనిపించినా నేను అక్కడే ఆగి విడదీస్తాను. ఆఫీసు బోర్డు నంబరులా చాలామంది దగ్గర ఉండే నంబరునైతే అసలు పోలికలోకే తీసుకోను.

అపోహ: కొత్త ఎంట్రీ ఉంచి పాతవి తీసేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఈ ఉదాహరణ చూడండి. ఒకే మొబైల్ నంబరుతో మూడు ఎంట్రీలు ఉన్నాయి. మొదటిది 2014 నాటి "సుజాత": దేశం కోడ్ లేని నంబరు, పుట్టినరోజు, సొంత ఈమెయిల్. రెండోది 2019లో చేర్చినది: ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, + తో నంబరు, కంపెనీ పేరు, ఆఫీసు ఈమెయిల్. అన్నిటికంటే కొత్తది "శ్రీలత వాళ్ళ అమ్మ": నంబరు, ఇంటి అడ్రసు, "సాయంత్రం 6 తర్వాతే ఫోన్ చేయాలి" అనే నోటు.

కొత్తదే ఉంచితే ఆవిడ పేరే పోతుంది. పాతదే ఉంచితే ఆ నోటు పోయి, ఎవరో ఒకరు మధ్యాహ్నం మీటింగులో ఉన్న మనిషికి ఫోన్ చేస్తారు. కాబట్టి ఎంట్రీని మొత్తంగా ఎంచుకోకుండా ఒక్కో గడికీ విడిగా నిర్ణయం తీసుకోవాలి. పేరు రెండోదాని నుంచి తీసుకుంటాను. నంబరు ఒకే కాపీ, + ఉన్నది. పుట్టినరోజు మొదటిదాని నుంచి, అడ్రసు మూడోదాని నుంచి. "శ్రీలత వాళ్ళ అమ్మ" అన్నది మారుపేరు గడిలోకి వెళ్తుంది, ఎందుకంటే ఆ పేరుతోనే వెతికేవాళ్ళుంటారు. ఈమెయిల్స్ రెండూ ఉంచుతాను. ఆఫీసు అడ్రసుకు పంపిన మెయిల్ తిరిగి వస్తోందని తెలిస్తే మాత్రం దాన్ని తేదీ వేసి నోటులోకి మారుస్తాను, కంపెనీ పేరు ఇప్పటికీ అదేనా అని ఆవిడనే అడుగుతాను. నోట్లను మాత్రం ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి రాయను, ఒకదాని కింద ఒకటి చేరుస్తాను. లేబుల్స్ కూడా అన్నీ కలుపుతాను.

అపోహ: ఫోన్‌లో ఒకటే కనిపిస్తోంది, అంటే కలిసిపోయినట్టే.

వాస్తవం: కాకపోవచ్చు. సిమ్‌లో ఒకటి, ఈమెయిల్ అకౌంట్‌లో ఒకటి ఉంటే ఆండ్రాయిడ్ ఆ రెంటినీ ఒకటిగా చూపించగలదు. ఐఫోన్ కూడా వేర్వేరు అకౌంట్ల కార్డులను లింక్ చేసి చూపిస్తుంది. లోపల మాత్రం రెండూ అలాగే ఉంటాయి. కంప్యూటర్‌లో ఆ అకౌంట్ తెరిచి చూస్తే ఒక సగమే కనిపిస్తుంది. నిజంగా ఒకటే కావాలంటే ముందు అన్నిటినీ ఒకే అకౌంట్‌లోకి చేర్చి, అక్కడ కలిపి, మిగతాచోట్ల ఉన్న కాపీలు తీసేయాలి. అలా చేయకపోతే రేపు ఫోన్ మార్చినప్పుడు డూప్లికేట్లు మళ్ళీ బయటపడతాయి.

అపోహ: తప్పు జరిగితే అన్‌డూ ఉందిగా.

వాస్తవం: ఉంది. గూగుల్ కాంటాక్ట్స్‌లో Undo changes నొక్కి గత 30 రోజుల్లో ఏదో ఒక సమయానికి వెనక్కి వెళ్ళొచ్చు. కానీ అది ఒక్క ఎంట్రీని కాదు, మొత్తం లిస్టునే వెనక్కి తీసుకెళ్తుంది. ఆ సమయం తర్వాత చేర్చిన నంబర్లు, చేసిన దిద్దుబాట్లు పోతాయి. అందుకే మొదలుపెట్టే ముందే లిస్టును .vcf ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి పక్కన పెట్టుకుంటాను. తప్పు జరిగిన ఆ ఒక్క మనిషి వివరాలను అందులోంచి చూసి సరిచేయొచ్చు. .csv ఫైలైతే స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేసినప్పుడు నంబర్ల ముందున్న సున్నాలు, + గుర్తులు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. ఒకవేళ తెరవాల్సి వస్తే, నంబర్ల వరుసను ముందుగా టెక్స్ట్‌గా మార్చుకుని ఇంపోర్ట్ చేయండి.